మా నాయనకు తెచ్చిచ్చిన ఆకుపచ్చ పొడి: క్రాటమ్ అంటే కాఫీనా, నల్లమందా?

ప్రొద్దుటూరు రమ

అందరికీ నమస్కారం. మా నాయనకు అరవై నాలుగేండ్లు. మోకాళ్ల నొప్పి పదేండ్లుగా ఉంది, బీపీకి మెటోప్రొలాల్ 50 వేసుకుంటాడు. సంక్రాంతికి మా చిన్నాన్న కొడుకు డల్లాస్ నుంచి వస్తా అరకిలో పొట్లం తెచ్చినాడు. ఆకుపచ్చ పొడి, గోరింటాకు పొడి మాదిరి ఉంటుంది, చేదు విపరీతం. "క్రాటమ్ అంటారు పెదనాయనా, కాఫీ జాతి చెట్టు ఆకు, ఆడ పెట్రోలు బంకుల్లో కూడా అమ్ముతారు, నొప్పులకు మంచిది" అని చెప్పి మజ్జిగలో కలిపిచ్చినాడు.

మొదటి వారం నాయన ఎంత హుషారుగా ఉన్నాడంటే, తెల్లారక ముందే లేచి తోటకు పోయి డ్రిప్ పైపులన్నీ సర్దొచ్చినాడు. నొప్పి మాటే లేదు. మేమూ సంతోషపడినాం. పొద్దున అరచెంచాతో మొదలైంది, నెలలోపే పూటకొక చెంచా, మూడు పూటలు అయింది. అప్పటి నుంచి మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు, మలబద్ధకం, అన్నం సగమే. పోయిన ఆదివారం పొడి అయిపోయింది. మంగళవారానికి ముక్కు కారడం, ఆవలింతలు, కాళ్లు కుదురుగా పెట్టలేకపోవడం, విరేచనాలు, రాత్రంతా నిద్ర లేదు. ఊర్లో డాక్టరు వైరల్ జ్వరమన్నాడు. కానీ ఒళ్లు కాలలేదు.

నా అనుమానం ఇంతే: హుషారిచ్చేదే మత్తు ఎట్ల ఇస్తుంది? బంకులో అమ్మే సరుకు మానితే ఇట్ల ఎందుకయింది? ఇంకొకటి, మావాడు ఇంకో పొట్లం తన దగ్గర పెట్టుకున్నాడు, తిరిగి పోయేటప్పుడు సింగపూర్‌లో రెండు దినాలు స్నేహితుని దగ్గర ఉండిపోతాడంట. ఏమన్నా ఇబ్బందా?

చీనీతోట ఓబులేసు

అమ్మా, భయపడాకు. కాఫీ చుట్టమే అది, ఒకే కుటుంబం. కాఫీ మానితే తలనొప్పి రాదా? అట్లాంటిదే ఇది. ఆకు కదా, ఫ్యాక్టరీ మందు కాదు. వేపాకు, తిప్పతీగ తిన్నట్టే. నాలుగు దినాల్లో సర్దుకుంటుంది.

నల్లమల సుంకన్న

క్రాటమ్ శాస్త్రీయనామం మిత్రగైన స్పీసియోసా అని చూసినాను. మా ఆత్మకూరు అడవిలో మిత్రగైన ఉంది కదా! బట్టగణప అంటాం, నీటి కదంబం అని కూడా అంటారు. వాగుల పక్కన పెరుగుతుంది, గుండ్రటి బంతుల మాదిరి పూస్తుంది. అదే ఇదైతే అమెరికా నుంచి తెప్పించుకోవడమెందుకు, మేమే కోసి పంపుతాం.

కర్నూలు ఫార్మా మాస్టారు

రమా, ఓబులేసు గారి మాట సగం నిజం, మిగతా సగం ప్రమాదం. సుంకన్నా, నువ్వు కోయడం మానుకో, చెబుతాను.

ముందు చెట్టు సంగతి. కాఫీ, క్రాటమ్, కదంబం, బట్టగణప అన్నీ రూబియేసీ కుటుంబమే. కానీ కుటుంబం ఒకటైతే గుణం ఒకటి కాదు. వంకాయ, పొగాకు రెండూ ఒక కుటుంబమే మరి. కాఫీలో పని చేసేది కెఫీన్. క్రాటమ్‌లో పని చేసేది మిట్రాజైనిన్, దాన్ని 1921లో వేరుచేశారు. ఈ రెండు అణువులకూ పోలికే లేదు. సుంకన్న చెప్పే బట్టగణప మిత్రగైన పార్విఫోలియా. అందులో మిట్రాఫిల్లిన్ లాంటి వేరే ఆల్కలాయిడ్లు ఉంటాయి, ఈ పని చేసేది కాదు. పేరులో మొదటి సగం చూసి మందు చేసుకుంటే అడవి మిగలదు, మనిషీ మిగలడు.

ఇక రమ ప్రశ్న. నల్లమందు, మార్ఫిన్ మెదడులో వెళ్లి కూర్చునే తాళం ఒకటుంది, మ్యూ రిసెప్టర్ అంటాం. మిట్రాజైనిన్ కూడా ఆ తాళంలోనే దూరుతుంది, కానీ పూర్తిగా తిప్పదు. సగం తిప్పి ఆగే చెవి అది. అదే అణువు ఇంకో పక్క బీపీ, చురుకుదనం నడిపే అడ్రినలిన్ తరహా రిసెప్టర్లనూ, సెరొటోనిన్ రిసెప్టర్లనూ తాకుతుంది. తక్కువ తిన్నప్పుడు హుషారు పైకి కనిపిస్తుంది, ఎక్కువ తిన్నప్పుడు నల్లమందు గుణం దాన్ని కప్పేస్తుంది. సాధారణంగా అయిదు గ్రాముల పొడి లోపల హుషారు, అది దాటితే మత్తు అని రాస్తుంటారు. ఆ గీత మనిషిని బట్టి, పొడిని బట్టి జరుగుతుంది. హుషారు భాగం సరిగ్గా ఏ రిసెప్టర్ నుంచి వస్తుందో నిపుణుల్లోనే ఇంకా ఒక మాట మీద లేరు, కాబట్టి నేనూ గీత గీయను.

మీ నాయన కథలో ఈ రెండూ వరుసగా కనబడుతున్నాయి. అరచెంచా అంటే పోసే తీరును బట్టి గ్రామో గ్రామున్నరో. అప్పుడు తోటపని చేశాడు. మూడు చెంచాలకు కునుకు, మలబద్ధకం. మలబద్ధకం నల్లమందు గుణమే, కాఫీ గుణం కాదు.

బండి శీనయ్య, డోన్

మాస్టారూ, తక్కువైతే హుషారు అన్నారు కదా. మాకు రాత్రిపూట హైదరాబాదు నుంచి బెంగుళూరు లోడు, అనంతపురం దాటినాక కన్ను మూతపడుతుంది. టీ తాగి తాగి కడుపు చెడిపోయింది. చిటికెడు నోట్లో వేసుకుంటే ఎట్లుంటుంది?

పెనాంగ్ వెంకటరెడ్డి

శీనన్నా, నీ ప్రశ్నకు నేను చూసిందే చెప్తా. నేను పన్నెండేండ్లు మలేషియా ఉత్తరాన పనిచేసినాను, థాయ్ సరిహద్దు పక్కన. ఆడ ఆకును కెటుమ్ అంటారు. రబ్బరు పాలు తీసేవాళ్లు, చేపల పడవలోళ్లు, లారీలోళ్లు తాగుతారు. థాయ్ వైపు పచ్చాకు ఈనె తీసి నమిలి, ఉప్పు కలుపుకొని, పైన వేడినీళ్లు తాగుతారు. మలేషియా వైపు కుండలో ఉడికించి చేదు కషాయం తీస్తారు. మన పల్లెల్లో చుట్ట కాల్చి కొడవలి పట్టినట్టు, వాళ్లు నాలుగాకులు నమిలి కత్తి పడతారు. ఎండ తెలియదు, ఒళ్లు నొప్పి తెలియదు.

కానీ నేను చూసిన ముసలోళ్లలో ఒకాయన రోజుకు ఇరవై ముప్పై ఆకుల దాకా పోయినాడు. బుగ్గలు నల్లబడినాయి, మనిషి కట్టెపుల్ల అయినాడు. వానకాలంలో ఆకు దొరక్కపోతే ముక్కు కారేది, చేతులు నొప్పులని మూలిగేవాడు. పని చేయడానికి నమిలినోడు తర్వాత నమలకపోతే పనిలోకి పోలేడు. నువ్వు స్టీరింగు మీద ఆ గీత యాడుందో వెతుక్కోవాల్సి వస్తుంది శీనన్నా. ఏదన్నా మలుపులో దొరికితే ఏం చేస్తావు?

బండి శీనయ్య, డోన్

అర్థమైంది సామీ. టీనే తాగుతా.

ప్రొద్దుటూరు రమ

ముక్కు కారడం, మూలగడం... అచ్చం నాయన లెక్కే ఉంది. అంటే వైరల్ కాదా?

కర్నూలు ఫార్మా మాస్టారు

నేను చూడకుండా తేల్చను, కానీ వరుస చూడమ్మా. ఆపిన ఒకటిన్నర రెండు దినాల్లో మొదలైంది. జ్వరం లేదు. ఆవలింత, ముక్కునీళ్లు, కాళ్లు తన్నుకోవడం, విరేచనం, నిద్రలేమి, ఇవి నల్లమందు తరహా మందు మానినప్పుడు వచ్చే వరుసే. అంతకు ముందు పేగులు మందగించాయి కదా, ఇప్పుడు ఆ బ్రేకు ఒక్కసారిగా వదిలింది. వైరల్ అయితే ఒళ్లు కాలాలి, ఇంట్లో ఇంకొకరికి కూడా అంటుకునే అవకాశం ఉంటుంది. చాలామందిలో ఇది వారంలో దిగుతుంది, నిద్ర మాత్రం ఆలస్యంగా వస్తుంది.

నాకు ఎక్కువ దిగులు మెటోప్రొలాల్ గురించి. మిట్రాజైనిన్ కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. మెటోప్రొలాల్‌ను ఒంట్లోంచి పంపించేది ముఖ్యంగా అదే ఎంజైమ్. ద్వారం మూస్తే లోపల జనం పెరిగినట్టు, వేసుకున్నది యాభయ్యే అయినా రక్తంలో అంతకు మించి నిలుస్తుంది. పొడి తిన్న ఆ రోజుల్లో నాయన పల్స్ ఎంతుందో ఎవరైనా చూశారా? తల తిరగడం, లేచి నిలబడితే కళ్లు మసకబారడం ఉండిందా?

ఇంకో ముఖ్యమైన ప్రశ్న, నొప్పికి వేరే మాత్ర ఏదైనా?

ప్రొద్దుటూరు రమ

చిన్న యంత్రంతో చూసుకుంటాడు. పోయిన నెల 48, 50 అని రాసుకున్నాడు, మామూలుగా 66, 68. మేమేమో గుండె బాగా శాంతించిందని అనుకున్నాం. మాత్రల చీటీలో ట్రమడాల్ అని ఉంది, నొప్పి ఎక్కువైనప్పుడు వేసుకొమ్మన్నారు. పొడి వచ్చినాక ఒకట్రెండు సార్లు వేసుకున్నాడంట. ఇప్పుడు నిద్ర పట్టక మళ్లీ వేసుకుందామా అంటున్నాడు.

కర్నూలు ఫార్మా మాస్టారు

వేయొద్దమ్మా. ట్రమడాల్ కూడా ఆ తాళం చెవే. పైగా అది పనిచేసేది లోపల మారిన రూపంతో, మార్చేదీ అదే సీవైపీ2డీ6. ఆ ద్వారం మూసి ఉంటే నొప్పి తగ్గదు, మారని ట్రమడాల్ పేరుకుంటుంది, ఫిట్స్ ప్రమాదం పెరుగుతుంది.

రేపు ఫిజీషియన్ దగ్గరికి పొండి. ఖాళీ పొట్లం తీసుకొని పొండి. ఎన్ని చెంచాలు, ఎన్ని వారాలు అన్నది దాచకుండా చెప్పండి. ఈసీజీ తీయించండి, కాలేయం పరీక్షలు కూడా. క్రాటమ్ మొదలుపెట్టిన కొన్ని వారాల్లో కొందరికి పచ్చకామెర్లు వచ్చిన దాఖలాలున్నాయి. ముందు ఒంటి దురద, మూత్రం టీ రంగు. ఆ రెండూ ఉన్నాయేమో అడగండి. మెటోప్రొలాల్‌ను మీరే ఆపకండి. ఒక్కసారిగా ఆపితే గుండె ఉరుకుతుంది.

ఇంకో మాట. మూత్రంలో నల్లమందు చూసే మామూలు స్ట్రిప్ మిట్రాజైనిన్‌ను పట్టదు. అది నెగటివ్ వచ్చిందని "ఏమీ లేదు" అనుకోకండి.

ఓబులేసు

మాస్టారూ, నల్లమందు నల్లమందు అంటారు కానీ మార్ఫిన్ ఇందులో లేదు కదా? నేనూ చదివినాను, మార్ఫిన్ మాదిరి శ్వాస ఆపదంట. అందుకే చావులు లేవు.

కర్నూలు ఫార్మా మాస్టారు

మార్ఫిన్ లేదు, అది నిజం. ఇది గసగసాల మొక్క కాదు, అణువు ఆకారమే వేరు. సగం తిప్పే చెవి కాబట్టి ఆకు ఒక్కటే తిన్నవాళ్లలో శ్వాస ఆగడం తక్కువన్నదీ సబబే. ఎందుకు తక్కువ అన్నదానికి ఒక సిద్ధాంతం వచ్చింది, బీటా అరెస్టిన్ అనే దారిని ఇది కదిలించదు అని. ఇప్పుడు ఆ సిద్ధాంతాన్నే చాలామంది అనుమానిస్తున్నారు.

"చావులు లేవు" అన్నది మాత్రం తప్పు. స్వీడన్‌లో ఒక పొడి అమ్మారు, క్రిప్టన్ అని పేరు. క్రాటమ్ అనే అనుకున్నారు జనం. ఏడాది లోపు తొమ్మిది మంది చనిపోయారు, 2011లో అది శాస్త్ర పత్రికలో ప్రచురించారు. వాళ్ల రక్తంలో మిట్రాజైనిన్‌తో పాటు ఓ-డెస్‌మిథైల్ ట్రమడాల్ కనబడింది. అదేంటో తెలుసా? ట్రమడాల్ ఒంట్లో మారి తయారయ్యే అసలు మందు. ఎవరో దాన్ని నేరుగా పొడిలో కలిపేశారు. మన దగ్గర కల్లులో మత్తు మాత్రలు కలిపి చంపలేదూ? పేరు కల్లు, పని మాత్రది. పొట్లం మీద ఆకు బొమ్మ ఉందని లోపల ఆకే ఉందనుకోకు ఓబులేసూ.

అమెరికాలోనే 2018లో క్రాటమ్ తిన్న 199 మందికి సాల్మొనెల్లా బాక్టీరియా సోకింది, 41 రాష్ట్రాల్లో. అక్కడ పొడిని మందుగా ఎవరూ తనిఖీ చేయరు.

ఓబులేసు

సరే. వేపాకుతో పోల్చింది వెనక్కి తీసుకుంటున్నా. కాఫీ చుట్టమన్నది మాత్రం నిజమే కదా!

అనంత వకీలు

రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. సింగపూర్. రమ గారూ, మీ తమ్ముడికి ఇవాళే ఫోన్ చేయండి. సింగపూర్‌లో మిట్రాజైనిన్, దాన్నుంచి ఒంట్లో తయారయ్యే 7-హైడ్రాక్సీమిట్రాజైనిన్ రెండూ క్లాస్ ఏ మాదకద్రవ్యాలు. హెరాయిన్ కూడా ఉండే పట్టిక అది. ట్రాన్సిట్‌లో ఉన్నా, "డల్లాస్ బంకులో బిల్లు ఉంది" అన్నా పనికిరాదు. నా దగ్గర తెలిసినవాళ్ల కేసు ఒకటి వచ్చింది, అది మాత్రలది, ఇది కాదు. చట్టం తెలియదన్నది ఎయిర్‌పోర్టులో సాకు కాదు.

ప్రొద్దుటూరు రమ

అయ్యో దేవుడా. ఇప్పుడే చేస్తా.

అనంతపురం గాయత్రి

నాకొక సందేహం వకీలు సార్. నేను సోషల్ టీచర్ని, పిల్లలు ఇట్లాంటివే అడుగుతారు. ఒక ఆకు ఒక దేశంలో బంకులో దొరికి, ఇంకో దేశంలో హెరాయిన్ పట్టికలో ఎట్ల కూర్చుంటుంది? గంజాయికి ఇట్ల లేదు కదా, అన్నిచోట్లా ఏదో ఒక ఆంక్ష ఉంటుంది.

అనంత వకీలు

మంచి ప్రశ్న టీచరమ్మా, జవాబు కూడా మీ ప్రశ్నలోనే ఉంది. గంజాయి, నల్లమందు, కోకా ఆకు 1961 ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో ఉన్నాయి. సంతకం పెట్టిన ప్రతి దేశం వాటిని కట్టడి చేయాలి. క్రాటమ్ ఆ పట్టికలో లేదు, 1971 ఒప్పందం పట్టికలోనూ లేదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చూసి, పూర్తి సమీక్షకు సరిపడా ఆధారం లేదు, గమనిస్తూ ఉందాం అని వదిలేశారు. పైనుంచి ఆజ్ఞ లేదు కాబట్టి ఎవరి ఇంటి పద్ధతి వాళ్లది. ఆస్ట్రేలియా 2005 నుంచి పూర్తి నిషేధం. మలేషియా దాన్ని పాయిజన్స్ చట్టంలో పెట్టింది. అమెరికా కేంద్రం దాన్ని మాదకద్రవ్యంగా పెట్టనే లేదు.

మన ఇండియా మాదకద్రవ్యాల చట్టమైన ఎన్‌డీపీఎస్ పట్టికలో నేను చూసినంతవరకు మిట్రాజైనిన్ పేరు లేదు. తమాషా చూడండి, నాయన చీటీలో ఉన్న ట్రమడాల్‌ను 2018లో ఆ చట్టంలోకి తెచ్చారు. అయితే పేరు లేదంటే అమ్ముకోవచ్చని కాదు. నొప్పి తగ్గిస్తుందని చెప్పి అమ్మితే అది మందు, లైసెన్సు అడుగుతారు. భంగును గుర్తు తెచ్చుకోండి. పూత, కాయ లేని గంజాయి ఆకు, గింజ ఎన్‌డీపీఎస్ నిర్వచనంలో బయట ఉన్నాయి. మొక్క ఒకటే, ఏ భాగం అన్న గీత చట్టం గీసింది. చట్టం రసాయన శాస్త్రం కాదమ్మా, ఎవరు ఎప్పుడు ఎందుకు రాశారన్నది చూడాలి.

పెనాంగ్ వెంకటరెడ్డి

"ఎందుకు రాశారు" అన్నదానికి థాయ్ కథ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆడి వాళ్లు నాకు చెబితే నవ్వుకున్నాను, తర్వాత చదివినాను, నిజమే.

థాయ్‌లాండ్ క్రాటమ్‌ను 1943లో నిషేధించింది. ఆరోగ్యం కోసం అనుకుంటాం కదా? అప్పుడు నల్లమందు ఆడ చట్టబద్ధం, సర్కారుకు అది పెద్ద రాబడి. నల్లమందు పన్ను పెంచేకొద్దీ జనం పెరట్లో ఉచితంగా దొరికే ఈ ఆకుకు మళ్లినారు. ఖజానాకు గండి పడుతోందని వాళ్ల సభలోనే ఒక సభ్యుడు చెప్పినాడు. అంతే, ఆకును నిషేధించినారు. నల్లమందును మాత్రం 1959 దాకా అమ్మినారు! పదహారేండ్లు తెలుసా. ఉప్పు మీద పన్ను వేసిన దొరలకు మనం కొత్తేం కాదు కదా.

1979లో దాన్ని గంజాయితో కలిపి అయిదో వర్గంలో పెట్టినారు. చెట్లు నరికించినారు. కానీ దక్షిణాది పల్లెల్లో ఎవరూ మానలేదు. సూరత్ తానీలో నామ్ ఫూ అని ఒక ఊరుంది, ఆడ జనమే కూర్చొని ఇంటికి ఇన్ని చెట్లని లెక్క కట్టి కాపలా పెట్టుకున్నారు. 2018లో వైద్యానికి అనుమతి వచ్చింది, 2021 ఆగస్టు 24న మాదకద్రవ్యాల పట్టికలోంచే తీసేసినారు. మరుసటి ఏడు ప్రత్యేక చట్టం వచ్చింది, పద్దెనిమిదేండ్ల లోపు వాళ్లకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అమ్మకూడదు. ఆకు మారలేదు, అందులోని మిట్రాజైనిన్ మారలేదు.

ఇంకో మాట. నిషేధం తీయకముందు కుర్రోళ్లు దాన్ని దగ్గు మందు, కోలా కలిపి తాగేవాళ్లు. నాలుగు ఇంటు వంద అంటారు ఆ పానీయాన్ని. నిజమైన చిక్కు ఆ గ్లాసులో ఉండేది.

గాయత్రి

పన్ను కోసం నిషేధమా! ఇది పిల్లలకు చెప్పితే నిద్రపోరు. మరి అమెరికా ఎందుకు వదిలేసింది?

అనంత వకీలు

వదిలేయలేదు, ఎత్తుకోబోయి కింద పెట్టింది. 2016 ఆగస్టు 30న అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ దాన్ని తాత్కాలికంగా ఒకటో షెడ్యూల్‌లో పెడతామని ప్రకటించింది. ఒకటో షెడ్యూల్ అంటే హెరాయిన్ పక్కన సీటు. వాడేవాళ్లు గొడవ చేశారు, పార్లమెంటు సభ్యులు లేఖలు రాశారు, ఆరు వారాల్లో అక్టోబరు 13న వెనక్కి తీసుకున్నారు. ఆ గొడవ చేసినవాళ్లలో చాలామంది నొప్పి మాత్రల అలవాటు నుంచి బయటపడటానికి దీన్ని వాడుతున్నామన్నారు. అది నిజమా, ఒక అలవాటుకు ఇంకో అలవాటు మార్చుకోవడమా అన్నది నాకు తేలలేదు. అప్పటి నుంచి రాష్ట్రాలదే రాజ్యం. అలబామా, ఇండియానా, విస్కాన్సిన్ లాంటివి అంతకు ముందే నిషేధించాయి. యూటా 2019లో నిషేధం కాకుండా లేబులు, వయసు నియమాలు పెట్టింది. డల్లాస్‌లో కొన్నది కారులో పెట్టుకొని అర్కాన్సాస్ గీత దాటితే నేరం. మన వాళ్లు కర్ణాటక మందు సీసాలు పెట్టుకొని హిందూపురం చెక్‌పోస్టు దాటినట్టు.

కర్నూలు ఫార్మా మాస్టారు

వకీలు గారు చట్టం రసాయనం కాదన్నారు. ఇప్పుడు ఆ రెండూ దగ్గరికి వస్తున్నాయి, ఒక్క మాట కలుపుతాను.

మిట్రాజైనిన్ కాలేయంలోకి వెళ్లాక కొంత భాగం 7-హైడ్రాక్సీమిట్రాజైనిన్‌గా మారుతుంది. జంతువుల మీద పరీక్షల్లో దీనికి మార్ఫిన్‌ను మించిన బలం కనబడింది. పచ్చాకులో అది లేనట్టే, ఎండిన ఆకులో కొద్దిగా. అంటే వెంకటరెడ్డి చూసిన ముసలాయన ఆకు నమిలితే అది లోపల మెల్లగా, తక్కువగా తయారవుతుంది. ఇప్పుడు అమెరికా బంకుల్లో దాన్నే చిక్కబరిచి మాత్రలు, చాక్లెట్లు చేసి అమ్ముతున్నారు. 2025 జూలైలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిషేధ పట్టికకు సిఫారసు చేసింది ఆ చిక్కటి రూపాన్నే, ఆకును కాదు. చెరుకు రసాన్నీ, దాంతో కాచిన సారానూ ఒకే సీసాలో లెక్కపెట్టకూడదు కదా. "క్రాటమ్ మంచిదా చెడ్డదా" అని అడిగితే నేను తిరిగి "ఏ రూపం?" అని అడుగుతాను.

రమా, మీ తమ్ముడు తెచ్చిన పొట్లం మీద సాదా ఆకు అని ఉందా, ఎక్స్‌ట్రాక్ట్ అని ఉందా?

నల్లమల సుంకన్న

మాస్టారూ, ఇంకో సంగతి. మా వాళ్లు బట్టగణప బెరడు ఏదో నొప్పికి వాడతారు. అందులో నిజంగా ఏమీ లేదంటారా?

కర్నూలు ఫార్మా మాస్టారు

ఏమీ లేదనలేదు సుంకన్నా, మిట్రాజైనిన్ పని కాదన్నాను. అది వేరే చెట్టు, వేరే లెక్క. ఆ చర్చ వేరే పేజీలో పెట్టు, తప్పకుండా వస్తాను.

ఇండోనేషియా గురించి ఓబులేసు

నాకు ఇంకొక కోణం కనబడింది, రైతును కాబట్టి. ఈ పొడి చాలామటుకు ఇండోనేషియా నుంచి, పశ్చిమ కలిమంతాన్ నుంచి పోతుందంట. రబ్బరు ధర పడిపోతే ఆడి రైతులు ఈ చెట్టు పెట్టినారు. వాళ్ల మాదకద్రవ్యాల సంస్థ 2024 నుంచి పూర్తిగా నిషేధించాలని అనుకునింది, కానీ 2024లో వాణిజ్య శాఖ ఎగుమతికి నియమాలు రాసింది, నిషేధం కాలేదు. మా శెనక్కాయ పోయి చీనీ వచ్చినట్టు ఉంది కథ. రైతు ఉంటే చట్టం కొంచెం మెత్తబడుతుంది, ఎక్కడైనా. సింగపూర్‌లో రైతు ఉంటే కదా.

గాయత్రి

ఓబులేసు గారూ, నిన్న వేపాకన్నారు, ఈరోజు ప్రొఫెసరు అయిపోయారు!

ప్రొద్దుటూరు రమ (తొమ్మిది రోజుల తర్వాత)

అందరికీ నమస్కారాలు. ఫిజీషియన్‌కు చూపించినాం, పొట్లం టేబుల్ మీద పెట్టి లెక్కంతా చెప్పినా. ఆయన క్రాటమ్ పేరు వినలేదు, కానీ మాస్టారు రాసింది ఫోన్‌లో చూపిస్తే ఆయనే ఇంకా చదువుకున్నాడు. ఈసీజీలో గుండె నిదానమే కానీ అడ్డు ఏదీ లేదన్నారు. పొడి ఆపిన పదో రోజుకు పల్స్ 62కు వచ్చింది, మెటోప్రొలాల్ అదే డోసు. కాలేయం పరీక్షలో ఒక అంకె కొంచెం ఎక్కువుంది, మూడు వారాల తర్వాత మళ్లీ చేయమన్నారు. దురద, పచ్చదనం లేవు. కాళ్లు తన్నుకోవడం అయిదో రోజుకు తగ్గింది, నిద్ర మాత్రం ఇప్పటికీ రెండు గంటలకే తెగుతుంది. ట్రమడాల్ తీసేసినారు, మోకాలికి వ్యాయామం, పూత మందు, వేరే మాత్ర ఇచ్చినారు.

పొట్లం మీద "ఎన్‌హాన్స్‌డ్" అని ఒక మాట ఉంది మాస్టారూ. అంటే ఏంది? చిక్కబరిచిందా?

తమ్ముడు సింగపూర్ టికెట్ మార్చుకోలేదు, పొట్లాన్ని మాత్రం నా కళ్లముందే కాలువలో పోస్తానంటే నేను ఒప్పుకోలేదు, చేపలకెందుకు మత్తు. పేడలో కలిపి గుంతలో పూడ్చినాం. అయినా మంచి సరుకు మట్టిపాలు చేసినావని వాడు ఇంకా నాతో మాట్లాడటం లేదు.

కర్నూలు ఫార్మా మాస్టారు

"ఎన్‌హాన్స్‌డ్" అంటే సాధారణంగా ఆకు పొడికి దాని సారాన్ని కలిపారని అర్థం. ఎంత కలిపారన్నది పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు, దానికి మాస్ స్పెక్ట్రోమెట్రీ ఉన్న ల్యాబ్ కావాలి. అందుకే నాయనకు చెంచా లెక్క అంత త్వరగా ముదిరిందేమో. పొట్లం అడుగున పొడి అంటుకొని ఉంటే పారేయకండి, మూట కట్టి ఉంచండి, కాలేయం అంకె మళ్లీ పెరిగితే డాక్టరుకు పనికొస్తుంది. తమ్ముడి బ్యాగు జిప్పుల్లో, చొక్కా జేబుల్లో రాలిన పొడి ఉందేమో దులిపించండి.

అనంత వకీలు

ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివించండి వాడికి.